లింకు పంపింది మిత్రుడు కాదు, మిత్రుడి ఖాతా

రాత్రి పదకొండు దాటింది. కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడాది చదివే కుర్రాడొకడు హాస్టల్ గదిలో కౌంటర్ స్ట్రైక్ 2 ఆడుతున్నాడు. ఒక మ్యాచ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు స్టీమ్ చాట్‌లో మెసేజ్ వచ్చింది. పంపింది ఇంటర్లో పక్క బెంచీలో కూర్చున్న దోస్తు. రెండేళ్లుగా కలిసి ఆడుతున్నవాడే. ‘హలో బ్రో, ఉన్నావా? మా టీమ్ టోర్నమెంట్ ఫైనల్‌కి వచ్చింది. ఒక్క ఓటు వేస్తావా? ఓటేసినవాళ్లకి ఒక కేసు ఫ్రీగా ఇస్తున్నారు’ అని ఇంగ్లీషులో రాసి, కింద లింకు పెట్టాడు.

మనవాడు లింకు నొక్కాడు. టోర్నమెంట్ పేజీ తెరుచుకుంది. టీముల పేర్లు, లోగోలు, ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే పట్టీలు, అన్నీ ఉన్నాయి. ఓటు బటన్ నొక్కితే ‘స్టీమ్‌తో లాగిన్ అవ్వండి’ అంటూ చిన్న కిటికీ వచ్చింది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టాడు. ఫోన్‌లో స్టీమ్ యాప్ చూపించిన అయిదక్షరాల కోడ్ కూడా కొట్టాడు. ‘సర్వర్ బిజీగా ఉంది, కాసేపాగి ప్రయత్నించండి’ అని వచ్చింది. పోనీలే అనుకుని ఆటలోకి వెళ్లిపోయాడు. అప్పటికే అతని ఖాతా ఇంకెవరి చేతిలోనో ఉంది.

ఈ కుర్రాడు ఫలానా ఊరివాడు, ఫలానా పేరువాడు అని వెతకనక్కర్లేదు. ఇలా ఖాతాలు పోగొట్టుకున్నవాళ్ల కథలన్నీ దాదాపు ఇదే వరసలో నడుస్తాయి. అందుకే ఇతణ్ని ఉదాహరణగా పెట్టుకుని, ఆ అయిదు నిమిషాల్లో ఏం జరిగిందో మెల్లగా విప్పి చూద్దాం.

దోస్తు పేరే ఎర

బ్యాంకు పేరుతో వచ్చే దొంగ మెసేజ్‌లను ఇప్పుడు చాలామంది గుర్తుపడుతున్నారు. ముక్కూమొహం తెలియని నంబర్ నుంచి వచ్చింది కాబట్టి అనుమానం ముందే మొదలవుతుంది. ఆట చాట్‌లో ఆ అనుమానానికే చోటు లేదు. పేరు తెలిసిందే, ఫొటో తెలిసిందే. పాత మాటలన్నీ అదే కిటికీలో పైన కనిపిస్తూనే ఉంటాయి. నిన్న రాత్రి వేసుకున్న జోకు కింద ఇవాళ్టి లింకు ఉంటే దాన్ని అనుమానించాలని ఎవరికి తడుతుంది?

మరి ఆ దోస్తే మోసం చేశాడా? లేదు. అతని ఖాతా రెండు రోజుల క్రితమో, రెండు గంటల క్రితమో ఇదే పద్ధతిలో పోయింది. దొంగ ఆ ఖాతాలోకి దూరగానే మిత్రుల జాబితా తెరిచి, అందులో ఉన్నవాళ్లందరికీ ఒకే మెసేజ్ పంపుతాడు. ఈ పని చాలాసార్లు మనిషి కూడా చేయడు, ప్రోగ్రామే చేసేస్తుంది. వందమందికి పంపితే ఇద్దరు నొక్కినా చాలు. ఆ ఇద్దరి జాబితాల్లో ఇంకో రెండొందల మంది ఉంటారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. ఇక్కడ దొంగ ఇంటివాడు కాదు, ఇంటివాడి చొక్కా తొడుక్కుని వచ్చాడు.

ఎర ఎప్పుడూ ఓటే కానక్కర్లేదు. ‘నా దగ్గర స్టీమ్ గిఫ్ట్ కార్డు మిగిలింది, నువ్వు తీసుకో’ అనొచ్చు. ‘కొత్త స్కిన్లు ఉచితంగా ఇస్తున్నారు, నాకు వచ్చింది, నువ్వూ ప్రయత్నించు’ అనొచ్చు. ఇంకో రకం ఆశ చూపదు, భయపెడుతుంది: ‘బ్రో, పొరపాటున నీ ఖాతా మీద ఫిర్యాదు కొట్టాను. నిన్ను బ్యాన్ చేస్తారట. ఈ అధికారితో మాట్లాడు, వెంటనే తీసేస్తాడు.’ ఆ అధికారి కూడా దొంగే. స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థ ఉద్యోగులు ఖాతా సమస్యల గురించి చాట్‌లో ఎవరితోనూ మాట్లాడరు. ఆ పని help.steampowered.com అనే చోట మాత్రమే జరుగుతుంది. కాబట్టి చాట్‌లోకి వచ్చి ‘నేను స్టీమ్ అధికారిని’ అన్నవాడి మాట ఇంకో వాక్యం చదవనక్కర్లేదు.

కిటికీలో బొమ్మ కిటికీ

మనవాడు మరీ అజాగ్రత్త మనిషేం కాదు. లాగిన్ కిటికీ రాగానే పైన చిరునామా చూశాడు. తాళం గుర్తు ఉంది, పక్కన steamcommunity.com అని అక్షరం తప్పు లేకుండా ఉంది. అది చూసే పాస్‌వర్డ్ కొట్టాడు. మోసంలోని అసలు పనితనమంతా ఇక్కడే ఉంది.

ఆ కిటికీ నిజమైన కిటికీ కాదు. టోర్నమెంట్ పేజీలోనే గీసిన బొమ్మ. మూలనున్న కొట్టివేత గుర్తు, పైనున్న పట్టీ, తాళం, చిరునామా, అన్నీ ఆ పేజీ చేసినవాడు రాసుకున్న అక్షరాలే. సినిమా సెట్టింగులో ఇంటి గోడ మీద నంబర్ ఎలా రాస్తారో, ఇక్కడ చిరునామా కూడా అలా రాశారు. మనం నమ్మాల్సిన చిరునామా బ్రౌజర్ నెత్తిన ఉన్న అసలు పట్టీలో ఉంది. అక్కడ టోర్నమెంట్ సైటు పేరే ఉంటుంది కానీ స్టీమ్ పేరు ఉండదు. ఈ ఎత్తును 2022 మార్చిలో ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టి, ‘బ్రౌజర్ ఇన్ ద బ్రౌజర్’ అని పేరు పెట్టాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో గ్రూప్ ఐబీ అనే సైబర్ భద్రతా సంస్థ, స్టీమ్ ఆటగాళ్ల మీద ఇదే ఎత్తు వాడుతున్నారని వివరంగా చెప్పింది.

దీన్ని కంప్యూటర్ మీద పట్టుకోవడం తేలిక. ఆ చిన్న కిటికీని మౌస్‌తో పట్టుకుని, బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగాలి. నిజమైన కిటికీ అయితే బ్రౌజర్ బయటికి, డెస్క్‌టాప్ మీదికి వచ్చేస్తుంది. బొమ్మయితే అంచు దగ్గరే ఆగిపోతుంది, లేదా అంచు కింద మాయమవుతుంది. ఎందుకంటే పేజీలో గీసింది పేజీ దాటి పోలేదు. వెనకున్న బ్రౌజర్‌ను కిందికి దించి చూసినా తెలుస్తుంది. బొమ్మ కిటికీ దాంతోపాటే దిగిపోతుంది.

ఫోన్‌లో ఈ పరీక్ష కుదరదు. అక్కడ కిటికీలను లాగడమనేదే ఉండదు. అందుకని రెండు చోట్లా పనికొచ్చే గుర్తులు ఇంకో రెండు చెప్పుకోవాలి.

మొదటిది, పాస్‌వర్డ్‌ను గుర్తుపెట్టుకునే సాధనం మౌనం. బ్రౌజర్‌లోనో, విడి యాప్‌లోనో పాస్‌వర్డ్ దాచుకునే అలవాటుంటే, అసలు స్టీమ్ పేజీ రాగానే అది తనంతట తానే నింపుతానంటుంది. అది చూసేది అసలు చిరునామానే కానీ గీసిన బొమ్మను కాదు. రోజూ నింపే సాధనం ఇవాళ ఊరుకుందంటే, మనం రోజూ వెళ్లే చోట లేమన్నమాట. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. ‘ఇదేమిటో పనిచేయడం లేదు’ అని విసుక్కుని పాస్‌వర్డ్‌ను చేత్తో కొడతారు.

రెండోది, అడగకూడని చోట అడగడం. స్టీమ్ ఖాతాతో బయటి సైట్లలోకి లాగిన్ కావడం నిజంగానే ఉంది. అది మోసం కాదు. కానీ మీరు అదే బ్రౌజర్‌లో స్టీమ్‌లోకి ముందే లాగిన్ అయి ఉంటే, అసలు పేజీ మీ పేరు, ఫొటో చూపించి ‘లోపలికి వెళ్లనా?’ అన్నట్టు ఒక బటన్ మాత్రమే పెడుతుంది. పాస్‌వర్డ్ అడగదు. అందుకే పాత ఆటగాళ్లు ఒక పద్ధతి పెట్టుకుంటారు. ఏ సైటైనా స్టీమ్ లాగిన్ అడిగితే, దాన్ని అలాగే వదిలి, కొత్త ట్యాబ్‌లో steamcommunity.com అని తామే కొట్టి అక్కడ లాగిన్ అవుతారు. తర్వాత పాత పేజీకి వచ్చి మళ్లీ తెరుస్తారు. అప్పటికీ పాస్‌వర్డ్ అడిగిందంటే అది దొంగ పేజీయే.

బొమ్మ కిటికీ పెట్టే ఓపిక లేనివాళ్లు చిరునామాలోనే కనికట్టు చేస్తారు. m బదులు r, n అక్షరాలు పక్కపక్కన పెడితే ఫోన్ తెర మీద తేడా కనిపించదు. ఇంకొందరు అసలు పేరును ముందు తగిలించి, తమ పేరును వెనక పెడతారు:

```
https://steamcommunity.com.gift-vote.example/login
```

ఇలాంటిది చూసినప్పుడు కన్ను ఎడమ వైపు మొదటి పేరు మీద ఆగుతుంది. కానీ చదవాల్సింది వెనక నుంచి. https:// తర్వాత వచ్చే మొదటి గీత / దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి ఎడమకు రండి. చివరి రెండు ముక్కలే సాధారణంగా ఇంటి యజమాని పేరు. ఇక్కడ యజమాని gift-vote.example. దాని ముందున్న steamcommunity.com వట్టి అలంకారం. ఉత్తరం మీద ‘రాష్ట్రపతి భవన్, మా వీధి, మా ఊరు’ అని రాస్తే అది మా ఊరికే వస్తుంది కానీ ఢిల్లీకి పోదు కదా.

కోడ్ ఉంది కదా, అదెందుకు ఆపలేదు?

స్టీమ్ గార్డ్ పెట్టుకున్నాం కాబట్టి భయం లేదని చాలామంది అనుకుంటారు. ఫోన్‌లోని యాప్ చూపించే ఆ అయిదక్షరాల కోడ్ అర నిమిషానికోసారి మారిపోతుంది. మీ పాస్‌వర్డ్ ఎక్కడో లీకై ఎవరి చేతికైనా చిక్కితే, ఆ కోడ్ లేనిదే వాళ్లు లోపలికి రాలేరు. అంతవరకు అది గట్టి కాపలాయే.

కానీ మనవాడు కోడ్‌ను కూడా తన చేత్తోనే ఇచ్చాడు. దొంగ పేజీ ఆ అక్షరాలను దాచిపెట్టుకోలేదు. అతను కొట్టిన మరుక్షణం వెనక నుంచి అసలు స్టీమ్ పేజీలో కొట్టేసింది. అర నిమిషం దానికి చాలా ఎక్కువ. అసలు స్టీమ్‌కు అందిన పాస్‌వర్డ్ సరైనదే, కోడ్ సరైనదే. తలుపు తీయకుండా ఎలా ఉంటుంది? కాపలావాణ్ని దొంగ మోసం చేయలేదు. యజమాని చేతే తలుపు తీయించాడు.

క్యూఆర్ కోడ్ కథా ఇంతే. ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్‌లోనూ, స్టీమ్‌లోనూ కంప్యూటర్ తెర మీది క్యూఆర్‌ను ఫోన్ యాప్‌తో స్కాన్ చేసి లాగిన్ కావచ్చు. ‘ఉచిత నైట్రో కావాలంటే ఇది స్కాన్ చెయ్’ అని చాట్‌లో వచ్చే బొమ్మ, దొంగ తన కంప్యూటర్ తెర మీద తెచ్చుకున్న లాగిన్ క్యూఆరే. మీరు స్కాన్ చేసి ఫోన్‌లో ‘అవును’ అన్నారంటే లోపలికి వెళ్లేది అతను. ఇందులో పాస్‌వర్డ్ ప్రస్తావనే రాదు కాబట్టి ‘నేనేం చెప్పలేదే’ అని ఆశ్చర్యపోవడమే మిగులుతుంది. బహుమతి తీసుకోవడానికి లాగిన్ క్యూఆర్ స్కాన్ చేసే అవసరం ఎక్కడా లేదు. మీరు కూర్చున్న కంప్యూటర్ మీద, మీరు తెరిచిన లాగిన్ పేజీలో కనిపించినదాన్ని తప్ప ఇంకే లాగిన్ క్యూఆర్‌నూ స్కాన్ చేయకూడదు.

దొంగ తొందరపడడు

మనవాడి ఖాతాలోకి దూరిన దొంగ పాస్‌వర్డ్ మార్చలేదు. మర్నాడు కూడా కుర్రాడు మామూలుగా ఆడుకున్నాడు. ఏమీ జరగలేదనే అనుకున్నాడు. కానీ అతని దగ్గర నాలుగేళ్లుగా కూడబెట్టుకున్న తుపాకీ స్కిన్లున్నాయి. ఆటలో అవి రంగులే కావచ్చు, బయట వాటికి డబ్బు విలువ ఉంది. కొన్ని వందల రూపాయలు చేస్తాయి, కొన్ని వేలు, అరుదైనవి లక్షలు. ఖాతాలు ఎత్తుకుపోవడం ఎంత పెద్ద వ్యాపారమంటే, నెలకు సుమారు 77,000 ఖాతాలు చేతులు మారుతున్నాయని 2015 డిసెంబర్‌లోనే వాల్వ్ స్వయంగా రాసింది.

అయితే స్కిన్లను బయటికి పంపాలంటే ఫోన్ యాప్‌లో యజమాని ఒప్పుకోవాలి. ఫోన్ దొంగ దగ్గర లేదు. అందుకే అతను ఖాతాలో కూర్చుని, ఫోన్‌లో వచ్చిన ఒప్పుకోలును కూడా ఏమరుపాటున కుర్రాడి చేతే నొక్కించి, ఏపీఐ కీ అనేదాన్ని పుట్టించుకున్నాడు. ఇది ప్రోగ్రాములు రాసేవాళ్ల కోసం స్టీమ్ ఇచ్చే పొడుగాటి అక్షరాల వరస. ఇది చేతిలో ఉంటే, ఆ ఖాతాకు వచ్చిపోయే మార్పిడి ప్రతిపాదనలను ప్రోగ్రామ్ ద్వారా గమనించవచ్చు, రద్దు చేయవచ్చు.

వారం తర్వాత మనవాడు ఒక కత్తి స్కిన్‌ను తనకు తెలిసిన కొనుగోలుదారుకు పంపబోయాడు. ప్రతిపాదన వెళ్లిన సెకన్లలో దొంగ ప్రోగ్రామ్ దాన్ని రద్దు చేసి, అదే స్కిన్ అడుగుతూ ఇంకో ప్రతిపాదన పెట్టింది. అవతల ఉన్నది కొనుగోలుదారు పేరు, ఫొటో పెట్టుకున్న దొంగ ఖాతా. ఫోన్ మోగింది. తనే ఇప్పుడు పంపాడు కదా, పేరూ అదే కదా అని కుర్రాడు ఒప్పుకున్నాడు. కత్తి పోయింది.

ఇక్కడ పట్టుకోగలిగింది ఒక్కటే గుర్తు. పేరు, ఫొటో ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ ఖాతా స్థాయి, స్టీమ్‌లో చేరిన తేదీ అరువు తెచ్చుకునేవి కావు. పదేళ్ల నాటి ఖాతా అనుకున్నది పోయిన నెల పుట్టిందని ఫోన్‌లో కనిపిస్తే, ఒప్పుకోకుండా ఆగాలి. తాను పంపిన ప్రతిపాదన దానంతట అదే రద్దయినట్టు కనిపించినా, మళ్లీ పంపే ముందు ఖాతాలో ఎవరున్నారో వెతకాలి.

ఫోన్ ఆటల్లో వజ్రాల వాన

కంప్యూటర్ ఆటలు లేని ఇళ్లలోనూ ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ ఉంటాయి. అక్కడ స్కిన్ల మార్పిడి లేదు కాబట్టి ఎర వేరు: ఉచిత డైమండ్లు, ఉచిత యూసీ. స్క్వాడ్ చాట్‌లోనో, గిల్డ్ గుంపులోనో ‘ఈరోజే ఆఖరు, పదివేల డైమండ్లు’ అని లింకు వస్తుంది.

ఉచిత బహుమతుల కోడ్‌లు ఇచ్చే పద్ధతి నిజంగానే ఉంది కాబట్టి పిల్లలు నమ్ముతారు. అబద్ధం నిజం పక్కనే నిలబడి ఉంటుంది. అందుకే నిజమైనది ఎలా పనిచేస్తుందో తెలియాలి. బీజీఎంఐలో కోడ్ వాడుకునే చోటు ఆ ఆట సొంత సైటులోనే ఉంది: www.battlegroundsmobileindia.com/redeem. అది మీ ఆటగాడి ఐడీ అడుగుతుంది, కోడ్ అడుగుతుంది, మనిషివేనా అని చూసేందుకు బొమ్మలోని అక్షరాలు అడుగుతుంది. అంతే. పాస్‌వర్డ్ మాటే లేదు. బహుమతి ఆటలోని మెయిల్ పెట్టెలోకి వస్తుంది.

ఫ్రీ ఫైర్‌కు గరీనా సంస్థ పెట్టిన చోటు reward.ff.garena.com. ఇక్కడ మాత్రం ఆటకు జతచేసిన గూగుల్ ఖాతాతోనో, ఫేస్‌బుక్ ఖాతాతోనో లాగిన్ కావాలి. అందుకే ఫ్రీ ఫైర్ పిల్లలకు ‘లాగిన్ అడిగితే మోసం’ అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. చాట్‌లో వచ్చిన లింకు నొక్కకుండా ఆ చిరునామా తామే కొట్టి వెళ్లడం నేర్పాలి. చాట్‌లో వచ్చింది నిజమైన కోడే అయితే, ఆ అక్షరాలు అసలు చిరునామాలో కొట్టినా పనిచేస్తాయి. కోడ్ తీసుకుని లింకును వదిలేయండి. లింకు లేకుండా పనిచేయనిదైతే అది కోడ్ కాదు, గాలం.

ఇక్కడ నష్టం ఆటతో ఆగదు. ఆ దొంగ పేజీలో కొట్టింది ఆట పాస్‌వర్డ్ కాదు, గూగుల్ పాస్‌వర్డో ఫేస్‌బుక్ పాస్‌వర్డో. చాలా ఇళ్లలో పిల్లవాడి చేతిలో ఉన్నది అమ్మ ఫోన్. ఆ గూగుల్ ఖాతా కూడా అమ్మదే. అంటే డైమండ్ల కోసం నొక్కిన లింకుతో అమ్మ మెయిల్, ఫొటోలు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు కూడా ప్రమాదంలో పడతాయి. చిన్నపిల్లలు ఆడే ఫోన్‌లో ఆటకని విడిగా ఒక మెయిల్ ఖాతా తెరిచిపెట్టడం అందుకే మంచిది. పోతే ఆటే పోతుంది.

చాట్‌లో ఏమని జవాబివ్వాలి?

మళ్లీ రాత్రి పదకొండు గంటలకు వెళ్దాం. మెసేజ్ వచ్చింది, ఇంకా లింకు నొక్కలేదు.

మన ప్రాంతంవాళ్లకు ముందు ఒక సులువు గుర్తుంది. ఆ దోస్తు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టేవాడు. ‘ఏరా, వస్తున్నావా?’ తప్ప ఇంకోలా పలకరించి ఎరగడు. అలాంటివాడు ఇవాళ ‘హలో బ్రో’ అంటూ ఇంగ్లీషులోకి దిగాడంటే అక్కడే ఆగాలి. కానీ ఈ గుర్తు మీదే పూర్తిగా ఆధారపడకూడదు. అనువాదం చేసి తెలుగులో పంపడం దొంగకు పెద్ద కష్టమేమీ కాదు, పైగా పాత చాట్ చదివి మాట తీరు కూడా పట్టుకోగలడు.

అందుకే ‘నువ్వేనా?’ అని అదే చాట్‌లో అడగడం దండగ. జవాబిచ్చేది దొంగే. ఫోన్ చేయాలి. ఫోన్ నంబర్ లేకపోతే వాట్సాప్‌లోనో, ఇంకో మిత్రుడి ద్వారానో అడగాలి. ‘ఓటు లింకు పంపావా?’ అంటే తేలిపోతుంది. చాలాసార్లు అటునుంచి ‘ఏ లింకు?’ అనే వస్తుంది. తన ఖాతా పోయిన సంగతి ఆ దోస్తుకు తెలిసేది కూడా అప్పుడే. మీ ఫోన్ మిమ్మల్ని కాపాడటమే కాదు, అతణ్నీ నిద్రలేపుతుంది.

చాట్‌లో మాత్రం ఏమీ రాయకుండా, ప్రొఫైల్ తెరిచి, ఖాతా దొంగల చేతిలో ఉందని ఫిర్యాదు కొట్టాలి. అతన్ని తిట్టడం, ఆట పట్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు. అతనికి మీరు జవాబిచ్చే మనిషి అని తెలియడం తప్ప. గుంపు చాట్ అయితే ‘ఫలానా ఖాతా పోయింది, లింకు నొక్కొద్దు’ అని ఒక్క ముక్క పెట్టండి. లింకును మళ్లీ అతికించకండి. హెచ్చరికలోని లింకును కూడా ఎవరో ఒకరు నొక్కుతారు.

‘నేను చేసిన ఆట ఒకసారి ఆడి చెప్పు’ అంటూ ఫైల్ పంపే దోస్తుదీ ఇదే దారి. అందులో పాస్‌వర్డ్ కూడా అడగరు. ఆ ఫైల్ తెరిస్తే, బ్రౌజర్‌లో మీరు ఇప్పటికే లాగిన్ అయి ఉన్న గుర్తులను ఎత్తుకుపోతుంది. అవి ఉంటే పాస్‌వర్డ్, కోడ్ రెండూ లేకుండానే లోపలికి పోవచ్చు. ఫోన్‌లో అతని గొంతు వినేదాకా ఫైల్ ముట్టుకోవద్దు.

పాస్‌వర్డ్ కొట్టేశాక

కొట్టేసింది కొట్టేశాం. ఇప్పుడు ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నదే ముఖ్యం.

ఫైల్ ఏదైనా తెరిచి ఉంటే ఆ కంప్యూటర్ మీద ఏ పనీ చేయకూడదు. కొత్త పాస్‌వర్డ్ కూడా అదే దారిలో పోతుంది. ఇంకో ఫోన్ నుంచో, కంప్యూటర్ నుంచో చేయాలి. లింకు మాత్రమే నొక్కి ఉంటే ఉన్నదాని మీదే, స్టీమ్ యాప్‌ను నేరుగా తెరిచి మొదలుపెట్టవచ్చు.

ముందు పాస్‌వర్డ్ మార్చాలి. అదే పాస్‌వర్డ్ మెయిల్‌కు కూడా ఉంటే, మెయిల్‌ది ఇంకా ముందు మార్చాలి. మెయిల్ దొంగ చేతిలో ఉంటే మీరు మార్చిన ప్రతిదాన్నీ అతను మళ్లీ మార్చగలడు. తర్వాత ఖాతా భద్రత విభాగంలోకి వెళ్లి, అన్ని పరికరాల నుంచి ఖాతాను బయటికి పంపించాలి. తాళం మారిస్తే కొత్తగా రాబోయేవాడు ఆగుతాడు. ఈ పని లోపల కూర్చున్నవాణ్ని కూడా లేపి పంపుతుంది.

ఆ తర్వాత steamcommunity.com/dev/apikey తెరవాలి. మీరెప్పుడూ ప్రోగ్రాములు రాయకపోతే అక్కడ కీ ఏదీ ఉండకూడదు. కనిపిస్తే రద్దు చేయాలి. మన కాకినాడ కుర్రాడు పాస్‌వర్డ్ మార్చి ఉన్నా ఈ ఒక్క మెట్టు వదిలేసేవాడేమో. దాని పేరు కూడా వినని వాళ్లే ఎక్కువ. మార్పిడి కోసం ఇతరులకు ఇచ్చే లింకును కూడా కొత్తది పుట్టించుకోవాలి. ఖాతాలో మెయిల్, ఫోన్ నంబర్ మీవే ఉన్నాయో లేదో చూసుకోవాలి.

లోపలికి వెళ్లలేకపోతే help.steampowered.com లో ఖాతా దొంగిలించారని రాయాలి. మీరే యజమాని అని నిరూపించడానికి మొదట వాడిన మెయిల్, పాత కొనుగోళ్ల రసీదులు, చెల్లింపు వివరాలు పనికొస్తాయి. ఖాతా తిరిగి రావచ్చు. కానీ పోయిన వస్తువులను తిరిగి ఇవ్వడం స్టీమ్ సహాయ విభాగం విధానంలో లేదు. కౌంటర్ స్ట్రైక్ 2 వస్తువులకు మాత్రం 2025 జులై నుంచి కొంత ఊరట ఉంది. మార్పిడి జరిగిన ఏడు రోజుల్లోపు యజమాని దాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. అలా చేస్తే ఖాతా నెల రోజులు మార్పిడికి, అమ్మకానికి పనికిరాదు. అది పోయినదానితో పోలిస్తే చిన్న శిక్షే. ఎనిమిదో రోజు గుర్తుపడితే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది.

బ్యాంకు, యూపీఐ డబ్బు కూడా పోతే 1930 నంబర్‌కు వెంటనే ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఖాతాలు దాటి వెళ్లిపోయేలోపు ఆపే అవకాశం ఉంటుంది కాబట్టి ఇక్కడ గంటలు లెక్క.

చివరి మెట్టు చాలామంది సిగ్గుపడి వదిలేస్తారు. మిత్రుల జాబితాలో ఉన్నవాళ్లకు చెప్పడం. మోసపోయానని ఒప్పుకోవడం కష్టమే, ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయం పిల్లలకు ఇంకా ఎక్కువ. ఆ భయంతో వాళ్లు దాచిన ప్రతి గంటా దొంగకు కలిసొస్తుంది. ‘ఏదైనా పొరపాటు జరిగితే ముందు నాకు చెప్పు, ఫోన్ తీసుకోను’ అన్న మాట తల్లిదండ్రులు ముందుగానే ఇచ్చి ఉంటే, కబురు వారం తర్వాత కాక అదే రాత్రి తెలుస్తుంది.

కాకినాడ కుర్రాడికి అసలు సంగతి తెలిసింది కత్తి పోయిన సాయంత్రమే. విశాఖలో ఉన్న తన చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. ‘అన్నయ్యా, నువ్వు ఓటు లింకు పంపావేంటి? నువ్వెప్పుడు టోర్నమెంట్లు ఆడావు?’ అని నవ్వుతూ అడిగాడు. మనవాడికి నవ్వు రాలేదు. వారం క్రితం తన దోస్తుకు ఇదే ఫోన్ తను చేసి ఉంటే కథ అక్కడితో ఆగేది. ‘నొక్కావా?’ అని అడిగాడు. ‘లేదు, ముందు నీకు చేశా’ అన్నాడు తమ్ముడు.